డ్యూటీ మారేటప్పుడు ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి

ప్రశ్న: "పరవాడ దగ్గర బల్క్ డ్రగ్ యూనిట్‌లో ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జిగా కొత్తగా వచ్చాను. దిగే షిఫ్ట్‌నీ ఎక్కే షిఫ్ట్‌నీ కలిపి ఐదు నిమిషాలు హడిల్ పెట్టమని మేనేజర్ గారు చెప్పారు. నేను పెడితే ఇరవై నిమిషాలు పడుతోంది. తొందరపెడితే 'అంతా నార్మల్ సార్' అనేసి బస్సెక్కుతున్నారు. ఎలా నడపాలి?"

సమాధానం:

ఐదు నిమిషాలు సరిపోతాయి. కాకపోతే ఒక షరతు ఉంది. నార్మల్‌గా ఉన్న రియాక్టర్ పేరు హడిల్‌లో ఎత్తకూడదు.

మీకు ఇరవై నిమిషాలు ఎందుకు పడుతోందో ఊహించగలను. బ్లాక్‌లో ఉన్న ప్రతి రియాక్టర్ గురించీ వరుసగా చెప్పిస్తున్నారు. ఏ స్టేజీలో ఉంది, టెంపరేచర్ ఎంత, ఆ టెంపరేచర్‌లో ఎన్ని గంటలు ఉంచారు, ఇంకెంత ఉంది, ఇలా. అదంతా బ్యాచ్ రికార్డులోనూ లాగ్‌బుక్‌లోనూ ఉంటుంది. డ్యూటీ ఎక్కిన ఆపరేటర్ తన రియాక్టర్ దగ్గరికి వెళ్లి, దిగే ఆపరేటర్ పక్కన నిలబడి, రికార్డు చూసుకుంటూ తీసుకోవలసిన చార్జి అది. హడిల్ తర్వాత జరిగే పని. రెండింటినీ కలిపితే రెండూ పాడవుతాయి. ఆరో రియాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వినడం లేదు. వినాల్సిన విషయం ఎనిమిదో దానిలో ఉంటుంది.

హడిల్‌లో చెప్పాల్సింది కంటికి కనబడనిది. చూస్తే స్టార్ట్ చేయడానికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది, కానీ చేయకూడదు. చూస్తే మామూలుగా నడుస్తున్నట్టుంటుంది, కానీ ప్రమాదం రాకముందే ఆపాల్సిన ఇంటర్‌లాక్ ఒకటి బైపాస్‌లో ఉంది. పని సగంలో ఆగింది, ఎందుకు ఆగిందో రాయలేదు. రిపేరు పనికి ఇచ్చిన పర్మిట్ తెరిచే ఉంది, మెయింటెనెన్స్ వాళ్లు టీకి వెళ్లారు. కొత్తగా వచ్చిన మనిషి లోపలికి నడిచి వచ్చి, తన అనుభవం కొద్దీ చేయబోయే పని ఎక్కడ ప్రమాదమో అక్కడ నోరు విప్పాలి. మామూలు షిఫ్ట్‌లో ఇలాంటివి రెండో మూడో ఉంటాయి. ఏమీ లేని రోజు హడిల్ ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది, అవ్వనివ్వండి.

పద్ధతి చెప్పే ముందు బస్సు సంగతి తేల్చుకోండి. అది తేలకపోతే ఏ పద్ధతీ నిలవదు. సీ షిఫ్ట్ ఆరింటికి దిగుతుంది, ఆరూ ఐదుకు బస్సు కదులుతుంది అంటే, ఐదూ నలభై ఐదుకే మనుషుల మనసు గాజువాక వెళ్లిపోయి ఉంటుంది. రాత్రంతా మేలుకున్న మనిషిని అందుకు తప్పుపట్టలేం. అడ్మిన్ వాళ్లతో కూర్చుని బస్సు 6:20కి కదిలేలా, ఎక్కే షిఫ్ట్ బస్సు 5:35కల్లా గేటు దగ్గరికి చేరేలా మాట్లాడండి. డ్రెస్ మార్చుకుని బ్లాక్‌లోకి రావడానికి పావుగంట పడుతుంది. 5:55కి హడిల్, 6:00కి రియాక్టర్ల దగ్గర చార్జి ఇచ్చిపుచ్చుకోవడం, 6:10కి పంచ్. ఆ పది నిమిషాలు కూడా పని గంటల్లోకే లెక్కపెట్టమని మేనేజర్ గారిని గట్టిగా అడగండి. జీతం లేని పది నిమిషాల్లో ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు, త్వరగా అయ్యేటట్టు చెబుతారు.

ఇంకొక ఏర్పాటు. అందరూ హడిల్‌కి వచ్చేస్తే నడుస్తున్న రియాక్టర్ ఎవరు చూస్తారు? రియాక్టర్‌లోకి రీఏజెంట్‌ను కొద్దికొద్దిగా వదిలే ఎడిషన్ జరుగుతున్న చోట, డిస్టిలేషన్ నడుస్తున్న చోట దిగే షిఫ్ట్ ఆపరేటర్ అక్కడే ఉండాలి. అతని మాట ఇన్‌చార్జి ముందే విని బోర్డు మీద రాసి ఉంచాలి. హడిల్ అవ్వగానే అతని రిలీవర్ నేరుగా అతని దగ్గరికే వెళ్తాడు. హడిల్ కోసం ఎడిషన్ ఆపడం, మళ్లీ తెరవడం వద్దు. ఆపి తెరిచే ప్రతిసారీ ఒక కొత్త పొరపాటుకు దారి తీసినట్టే.

బోర్డు చిన్నది చాలు. బ్లాక్ బయట, సెంట్రిఫ్యూజ్ చప్పుడు వినబడని చోట పెట్టండి. దిగే ఇన్‌చార్జి 5:35కి రాయడం మొదలుపెడతాడు. ఒక్కో విషయానికి ఒక్క లైను. ఎక్విప్‌మెంట్ నంబరు, ఏం జరిగింది, ఏం చేయకూడదు, ఎవరు తేల్చాలి. ఈ నాలుగింట్లో జనం ఎప్పుడూ వదిలేసేది మూడోది. 'పంపు మెయింటెనెన్స్‌లో ఉంది' అని రాస్తారు. 'స్టార్ట్ చేయొద్దు' అని రాయరు, అది తెలిసిందేగా అనుకుంటారు. రాత్రంతా ఆ పంపు చుట్టూ తిరిగిన వాడికి తెలుసు. ఇప్పుడే బస్సు దిగినవాడికి తెలియదు.

స్కాట్లాండ్ దగ్గరి సముద్రంలో ఉన్న పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫాం మీద 1988 జులై 6 రాత్రి జరిగింది ఈ కొరతే. పగలు ఒక పంపు సేఫ్టీ వాల్వ్‌ను పరీక్షకని విప్పారు. ఆ పని పూర్తికాలేదు, వాల్వ్ ఉన్న చోట తాత్కాలికంగా ఒక బ్లాంక్ ఫ్లాంజ్ బిగించి దిగిపోయారు. వాల్వ్ లేదన్న సంగతి రాత్రి షిఫ్ట్ చెవిన పడలేదు. రాత్రి రెండో పంపు ట్రిప్ అయి మళ్లీ స్టార్ట్ కాకపోతే, ఉత్పత్తి ఆగిపోతుందని మొదటి పంపును నడపబోయారు. ఫ్లాంజ్ దగ్గర గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. వాల్వ్ విప్పినట్టు పర్మిట్ కాగితం ఉంది. పంపు స్టార్ట్ చేసేవాళ్లకు ఆ కాగితం సంగతి తెలియదు.

ఇప్పుడు మీ బ్లాక్‌లో జరగగలిగే ఒక ఉదయాన్ని తీసుకుందాం.

జీఎల్‌ఆర్-204 అనే రియాక్టర్‌లో ఎడిషన్ నడుస్తోంది. హెడ్ ట్యాంక్ నుంచి 200 లీటర్ల రీఏజెంట్ ఐదు గంటల్లో, అంటే గంటకు 40 లీటర్ల చొప్పున, పడాలి. లోపల టెంపరేచర్ 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచాలి, రియాక్షన్ వేడి పుట్టించేది. 4:40కి కరెంటు డిప్ వచ్చింది. వాయుగుండం రోజుల్లో మన వైపు ఇది కొత్తేమీ కాదు. డీజిల్ జనరేటర్ అందుకుంది, లైట్లు వచ్చాయి, రియాక్టర్‌ను చల్లబరిచే బ్రైన్ పంపు మళ్లీ నడిచింది. లోపలి సరుకును కలియబెట్టే ఎజిటేటర్ మాత్రం ట్రిప్ అయ్యింది, దాన్ని ఫీల్డ్‌లో చేత్తో స్టార్ట్ చేయాలి. ఎడిషన్ వాల్వ్ మాన్యువల్. ఆపరేటర్ ఎజిటేటర్ ఆగిందని గమనించి వాల్వ్ మూసేసరికి 4:46 అయింది.

అంటే ఆరు నిమిషాలు, సుమారు నాలుగు లీటర్లు, కలియకుండా పడ్డాయి. నాలుగు లీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అంతకు ముందు పడినదాంట్లో ఇంకా రియాక్ట్ అవ్వకుండా మిగిలింది ఎంతో కూడా తెలియదు. చల్లగా ఉన్నప్పుడు రియాక్షన్ నెమ్మదిగా నడుస్తుంది, సరుకు పోగుపడుతుంది. కలియబెట్టేది ఆగాక అది పొరగా విడిపోయి ఉండొచ్చు. ఇప్పుడు ఎజిటేటర్ స్టార్ట్ చేస్తే అదంతా ఒక్కసారిగా కలుస్తుంది, రియాక్టర్ చుట్టూ బ్రైన్ తిరిగే జాకెట్ లాగేయగలిగిన దానికంటే వేగంగా వేడి పుడుతుంది. ఆ తర్వాత ప్రెజర్, సాల్వెంట్ ఆవిరి, వెంట్.

ఆరింటికి వచ్చిన ఆపరేటర్‌కి ఏం కనబడుతుంది? టెంపరేచర్ 2 డిగ్రీలు, రేంజ్‌లోనే ఉంది. బ్రైన్ తిరుగుతోంది. అలారం లేదు. ఎజిటేటర్ ఆగి ఉంది, ఎడిషన్ సగంలో ఉంది. ఐదేళ్ల అనుభవం ఉన్న మంచి ఆపరేటర్ మొదట చేసే పనేమిటి? ఎజిటేటర్ వేసి ఎడిషన్ కొనసాగించడం. మంచివాడు కాబట్టే చేస్తాడు. ఎజిటేటర్ కదలకపోతే టెంపరేచర్ ప్రోబ్ చూపించేది దాని చుట్టూ ఉన్న కాస్త ద్రవం సంగతేనని ఆ క్షణంలో గుర్తుకు రాకపోవచ్చు.

ఇలాంటి ఉదయం చాలా చోట్ల హడిల్‌లో వినబడే మాట ఇది: "204 ఎడిషన్ హోల్డ్, పవర్ డిప్, మిగతాదంతా నార్మల్." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పనికొచ్చేదీ ఒక్కటీ లేదు.

దిగే ఇన్‌చార్జి చెప్పాల్సింది ఇలా ఉండాలి:

"204 సంగతి. 4:40కి డిప్ వచ్చి ఎజిటేటర్ ఆగింది. వాల్వ్ 4:46కి మూశాం. ఆరు నిమిషాలు కలియకుండా పడింది, నాలుగు లీటర్ల దాకా. హెడ్ ట్యాంక్‌లో 84 మిగిలింది. టెంపరేచర్ 2, బ్రైన్ నడుస్తోంది, బ్రైన్ ఆపొద్దు. ఎజిటేటర్ స్టార్ట్ చేయొద్దు, ఎడిషన్ వాల్వ్ తీయొద్దు. స్టార్టర్‌కి లాక్ వేశాం, తాళంచెవి ఇదిగో. మేనేజర్ గారికి ఐదింటికి ఫోన్ చేశాను, ప్రాసెస్ సేఫ్టీ వాళ్లు ఏడింటికి వచ్చి చెబుతారు. అప్పటిదాకా పది నిమిషాలకోసారి టెంపరేచర్ రాయాలి. కదలిక కనిపిస్తే వెంటనే మేనేజర్ గారికి చెప్పాలి."

ఇది చెప్పడానికి నిమిషం పట్టదు. ఎందుకు స్టార్ట్ చేయకూడదో కెమిస్ట్రీ అంతా అక్కడ వివరించక్కర్లేదు, రియాక్టర్ దగ్గర ఆపరేటర్‌కి వివరించండి. ఎజిటేటర్ ఆగాక ఎంతసేపటిలోపు, ఏ పద్ధతిలో మళ్లీ వేయొచ్చన్నది ఒక్కో ప్రాడక్ట్‌కి ఒక్కోలా ఉంటుంది. అది ఆ ప్రాడక్ట్ రిస్క్ అసెస్‌మెంట్‌లో ఉండాలి. లేకపోతే షిఫ్ట్‌లో ఎవరూ సొంతంగా నిర్ణయించకూడదు.

తాళంచెవి సంగతి గమనించారా? మాట గాల్లో పోతుంది, తాళంచెవి చేతిలో ఉంటుంది. ఒక వస్తువు చేతులు మారితే బాధ్యత కూడా మారిందని ఇద్దరికీ అనిపిస్తుంది. అందుకే 'చేయొద్దు' అని ఉన్న ప్రతి లైనుకీ ఫీల్డ్‌లో ఒక తాళమో ట్యాగో ఉండేలా చూడండి. అయితే ఒక హెచ్చరిక. మెయింటెనెన్స్ వాళ్లు తమ పర్సనల్ లాక్ వేసిన చోట ఆ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి, మీరు చేతులు మార్చొద్దు. వాళ్ల షిఫ్ట్ మారితే వాళ్లలో వాళ్లు లాక్ మార్చుకుంటారు. మీరు మార్చేది ఆపరేషన్స్ వాళ్ల లాక్ మాత్రమే.

204 తర్వాత మిగిలినవి చకచకా అయిపోతాయి. రెండో సెంట్రిఫ్యూజ్ బేరింగ్ విప్పారు, పర్మిట్ తెరిచి ఉంది, మెకానికల్ వాళ్లు తొమ్మిదింటికి వస్తారు, బటన్ ముట్టుకోవద్దు. రియాక్టర్ల నుంచి వచ్చే ఆవిర్లను కడిగే స్క్రబ్బర్ మొదటి పంపు లీకవుతోంది, స్టాండ్‌బై మీద నడుస్తోంది, అదీ ఆగితే వేరే పంపు లేదు కాబట్టి 101 రియాక్టర్‌లో సరుకు వేయడం మొదలుపెట్టే ముందు అడగాలి. మొత్తం మీద రెండున్నర నిమిషాలు.

ఇప్పుడు ఎక్కే షిఫ్ట్ నోరు విప్పాలి. మీ హడిల్‌లో ఇదే లేదనుకుంటున్నాను. 'అర్థమైందా' అని అడిగితే ఎవరైనా అర్థమైందనే అంటారు. ఆ ప్రశ్న మానేయండి. 204కి వెళ్లే ఆపరేటర్‌ని చూసి, "బాబూ, వెళ్లగానే ఏం చేస్తావు?" అని అడగండి. "ఎజిటేటర్ ముట్టుకోను, వాల్వ్ తీయను, ఏడింటిదాకా టెంపరేచర్ రాస్తాను, పెరిగితే సార్‌కి చెప్తాను" అని అతని మాటల్లో రావాలి. ఒకటి తప్పినా దిగే ఇన్‌చార్జి అక్కడికక్కడే సరిదిద్దాలి. అన్ని లైన్లకూ ఇది అక్కర్లేదు. 'చేయొద్దు' ఉన్న లైన్లకు చేయించండి, నిమిషంలో అయిపోతుంది. ఆఖరి నిమిషం ఎక్కే షిఫ్ట్ అడిగే ప్రశ్నలకు వదిలేయండి. ఎవరూ అడగకపోతే మీరే ఒక్కటి అడగండి: "రాత్రి చేత్తో నడిపింది, బైపాస్ చేసింది ఏమైనా ఉందా?" ఇరవైసార్లు లేదనే వస్తుంది. ఇరవై ఒకటోసారి ఎవరో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

భాష విషయం. మీ హెల్పర్లలో ఒడిశా, బీహార్ వాళ్లు ఉండే ఉంటారు. హడిల్ తెలుగులో గబగబా నడిచిపోతుంటే వాళ్లు తలూపుతూ నిలబడతారు. మొత్తం హడిల్‌ని రెండు భాషల్లో నడపలేరు. కానీ 'చేయొద్దు' లైన్లను మాత్రం హిందీలోనో ఒడియాలోనో వచ్చినవాళ్లతో చెప్పించి, వాళ్లలో ఒకరితో తిరిగి చెప్పించండి. డ్రమ్ములు మోసేవాడు, హోసు బిగించేవాడు వాల్వ్ ముట్టుకోడని అనుకోవద్దు. ఎవరో ఒకరు "ఆ వాల్వ్ తియ్యి" అంటే తీస్తాడు.

హడిల్‌ని చంపేసేది ఇంకొకటుంది, అది మీ చేతిలోనే ఉంది. 204 సంగతి వినగానే "ఆరు నిమిషాలు ఏం చేస్తున్నార్రా?" అని పదిమందిలో అన్నారనుకోండి. రేపటి నుంచి ఆరు నిమిషాలు రెండు నిమిషాలవుతాయి. నాలుగు లీటర్లు ఒకటవుతుంది. ఏడింటికి వచ్చే ప్రాసెస్ సేఫ్టీ వాళ్లు ఆ తప్పుడు లెక్క మీద నిర్ణయం తీసుకుంటారు. ఎవరు ఆలస్యం చేశారు, ఎందుకు చేశారన్నది తేలాల్సిందే, దానికి మధ్యాహ్నం మీ గదిలో వేరే టైం పెట్టుకోండి. హడిల్‌లో మీ నోటి నుంచి రావాల్సింది "సరే, 4:46, రాసుకున్నాను" మాత్రమే. అలాగే టార్గెట్లు, ఆడిట్ కబుర్లు, క్యాంటీన్ ఫిర్యాదులు, హెల్మెట్ గురించి ఉపన్యాసం, వీటిలో ఒక్కదానికి చోటిచ్చినా వారం తిరిగేసరికి మళ్లీ ఇరవై నిమిషాలవుతుంది. మేనేజర్ గారే మొదలుపెడితే, "సార్, ఇది అయ్యాక" అని మర్యాదగా ఆపండి. మొదటిసారి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత ఆయనే అలవాటు పడతారు.

లంకెలపాలెం జంక్షన్‌లో బస్సు ఇరుక్కుని సగం మంది ఆలస్యమైన రోజు ఏం చేయాలన్నది ముందే చెప్పి పెట్టండి. వచ్చినవాళ్లతో హడిల్ టైంకే జరగాలి. రాని ఆపరేటర్ రియాక్టర్ దగ్గర దిగే ఆపరేటర్ ఉండిపోవాలి, అతనికి ఓటీ రాయాలి. ఆలస్యంగా వచ్చినవాడు నేరుగా రియాక్టర్‌కి పోకూడదు. ముందు బోర్డు దగ్గర మీకు కనబడాలి, అతని లైను చదివి తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే చార్జి. వీక్లీ ఆఫ్ నుంచో సెలవు నుంచో వచ్చినవాడికి ఐదు నిమిషాలు చాలవు. అతను వదిలి వెళ్లిన షిఫ్ట్ నుంచి లాగ్‌బుక్ తిరగేయాలి, అందుకు పావుగంట ముందు రమ్మనండి. ఒకటో తారీకున విప్పిన గేజి సంగతి మూడో తారీకు హడిల్‌లో ఎవరూ చెప్పరు, అది వాళ్లకు పాతబడిపోయి ఉంటుంది. అందుకే బోర్డు మీద లైను ఆ పని పూర్తయ్యేదాకా తుడవొద్దు. పక్కన ఎన్నో తారీకు నుంచి ఉందో వేయండి. పది రోజుల నుంచి ఉన్న బైపాస్ లైను కనబడితే హడిల్‌లో దాన్ని చదవడం ఒక్కటే చాలదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ హెడ్‌ని పట్టుకోవాలి.

మీ హడిల్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఫారాలు, మార్కులు అక్కర్లేదు. ఎక్కిన షిఫ్ట్ వాళ్లు ఇంటికెళ్లి పడుకున్నవాళ్లకు చేసే ఫోన్లు చూడండి. ఎనిమిదిన్నరకు ఎవరో ఫోన్ చేసి, "అన్నా, 103 వాక్యూం లైను ఎందుకు మూసావు?" అని అడిగితే, హడిల్‌లో రావాల్సిన లైను ఒకటి రాలేదన్నమాట. అలాంటి ఫోన్ చేసినవాణ్ని తప్పుపట్టకండి, తెలియక చేయి పెట్టకుండా అడిగాడు కదా. ఏ విషయం గురించి చేశాడో ఒక పుస్తకంలో రాసుకోండి. నెల తర్వాత ఆ పేజీ చదివితే మీ బ్లాక్‌లో ఏ రకం సంగతి చెప్పకుండా జారిపోతోందో తెలుస్తుంది. ఒక బ్లాక్‌లో అది ఎప్పుడూ యుటిలిటీ వైపు వాల్వ్‌లే ఉంటుంది, ఇంకో చోట శాంపిల్ పంపి రిజల్ట్ రాని బ్యాచ్‌లు. మర్నాటి నుంచి మీరు అడిగే ఆ ఆఖరి ప్రశ్న దాని గురించే అడగండి.